పాయింట్ తెలుసు, కానీ నోరు పెగలదు

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది ఒడిశాలో గుణుపూర్ దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బరంపురంలో బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నా. క్లాసులో డిస్కషన్ పెడితే పాయింట్ తెలిసినా నోరు పెగలదు. గుండె దడ, అరచేతుల్లో చెమట. గ్రూప్ ప్రాజెక్టులో ఐదుగురం ఉన్నాం. టైపింగ్ పని నేనే తీసుకుని ఓ మూల కూర్చుంటున్నా. ఇది జబ్బా డాక్టర్ గారూ? మాత్రలున్నాయా?

సలహా: అమ్మా, ముందుగా ఒక్కటి గమనించు. క్లాసులో నోరు తెరవని ఆ పది నిమిషాలూ నీ మనసు ఏం చేస్తోంది? బహుశా వాక్యం తయారు చేస్తోంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

పర్లాకిమిడి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు నా దగ్గరికి వచ్చేవాడు. వరిగడ్డి తగలబెట్టడం మీద క్లాసులో చర్చ జరిగిందట. ఆ రోజు తన లోపల జరిగింది వరసగా చెప్పమన్నాను. ముందు తెలుగులో అనుకున్నాడు, దాన్ని ఒడియాలోకి మార్చాడు, యాస బయటపడుతుందేమోనని ఇంగ్లిష్‌లోకి తిప్పాడు, మళ్లీ మొదటి నుంచి సరిచూసుకున్నాడు. ఈలోగా ఇద్దరు మాట్లాడేశారు. వాళ్లేమన్నారో అతను వినలేదు. తన పాయింట్ వాళ్లు చెప్పేశారేమోనన్న భయంతో ఇక నోరు విప్పలేదు. గంట కొట్టాక దడ తగ్గింది. మాట్లాడకపోబట్టే గండం గడిచిందని మనసు లెక్క రాసుకుంది. మర్నాటికి భయం ఇంకాస్త బలపడింది.

మేం అతని చేత చేయించింది చిన్న పని. క్లాసుకు వెళ్లే ముందు, మాట్లాడితే ఏమవుతుందని భయమో కాగితం మీద రాయాలి. ‘అందరూ తిరిగి చూసి నవ్వుతారు’ అని రాసి, అలా జరుగుతుందన్న నమ్మకానికి పదికి ఎనిమిది మార్కులు వేశాడు. డిస్కషన్ మొదలైన ఐదు నిమిషాల్లోపే, ఏమీ సిద్ధం చేసుకోకుండా, ఒక్క మాట అడగాలి. ఆలస్యం చేసేకొద్దీ దడ పెరుగుతుంది కాబట్టే ఐదు నిమిషాలన్నాను. ‘కాహింకి సర్?’ అని ఒడియాలో ఎందుకని అడిగినా చాలు. ఆ క్షణంలో చూపు తన గుండె మీద, చేతుల మీద కాకుండా, మాట్లాడుతున్న మనిషి ముఖం మీద ఉండాలి. అతను అడిగాడు. ఒకరు తలతిప్పి చూశారు, సార్ జవాబు చెప్పారు, చర్చ ముందుకు పోయింది. సాయంత్రం అదే కాగితం మీద జరిగింది రాశాడు. నువ్వూ వారానికి మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే నమ్మకం మార్కులు దిగివస్తాయి. నెలకోసారి చేస్తే ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. దడ పూర్తిగా తగ్గాక మాట్లాడదామని మాత్రం ఆగకు. నీకు తెలిసినంతగా నీ దడ ఎదుటివాళ్లకు కనిపించదు.

ఇక టైపింగ్. అది కష్టపడే పనే కానీ, ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. భయం దాక్కునే చోటు కూడా అదే. ఈసారి దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి, ఇద్దరు కలిసి చేయాల్సిన పని అడుగు. సర్వే ఉంటే ఒక క్లాస్‌మేట్‌తో బజారుకు వెళ్లు. ఐదుగురితో ఒకేసారి చనువు రాదు, బస్సులో పక్కన కూర్చున్న ఒక్కరితో వస్తుంది. ఒడియా మాట తట్టకపోతే ‘దీన్ని మీరేమంటారు?’ అని ఆమెనే అడుగు. తర్వాతి మీటింగులో ఆమె పక్కన కూర్చుని, వాట్సాప్ గ్రూపులో రాసిన పాయింట్‌నే పైకి చెప్పు. ఎవరైనా నిజంగానే నీ యాసను పదేపదే వెక్కిరిస్తుంటే ఆ తప్పు నీది కాదు, లెక్చరర్‌కు చెప్పాల్సిందే.

జబ్బా అని అడిగావు. బిడియం జబ్బు కాదు. ఆరు నెలలు దాటినా ఈ భయం వదలక, క్లాసు ఎగ్గొట్టేదాకా, మార్కులు పోయేదాకా వస్తే దాన్ని సోషల్ యాంగ్జైటీ అంటాం. దానికి ముఖ్యమైన చికిత్స సీబీటీ అనే కౌన్సెలింగ్. పైన చెప్పినవి అందులో భాగమే. ఇంట్లో ఒంటరిగా ఉన్నా దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకో.

ఫ్రెండ్ ఇచ్చిందని దడ తగ్గించే ప్రొప్రానలాల్ వేసుకోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. పైగా దడను ఆపుతుందేగానీ భయాన్ని తీసేయదు. ఆందోళనకు వాడే ఆల్ప్రజోలామ్ అలవాటైపోతుంది. భయం తీవ్రంగా ఉంటే మేం రాసే మందులు వేరు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆసుపత్రికి రావడం కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పైన చెప్పినవి నెల రోజులు చేశాక కూడా మార్పు లేకపోతే సైకియాట్రిస్టును కలువు. వెళ్లేటప్పుడు ఆ కాగితాలు తీసుకెళ్లు.