ప్రపంచ మతాల క్విజ్‌లో జవాబు ఎవరి లెక్క ప్రకారం?

"హైస్కూలు పిల్లల కోసం ప్రపంచ మతాల మీద ఆన్‌లైన్ క్విజ్, దానికి తోడుగా స్లైడ్లు తయారు చేస్తున్నాను. జవాబుల్లో పొరపాట్లు దొర్లకుండా, బొమ్మల హక్కుల విషయంలో చిక్కుల్లో పడకుండా ఏం చేయాలి? ఇంతకుముందు చేసినవారు చెప్పగలరా?"

నేను ఇలాంటి క్విజ్ ఒకటి తయారు చేసి నడుపుతున్నాను. పేర్లు, తేదీల గురించి అంతగా కంగారు పడకండి, మంచి విజ్ఞాన సర్వస్వం చూస్తే అవి తేలిపోతాయి. ఒక శాఖవారికి ఒప్పైన జవాబు మరో శాఖవారికి తప్పు కావడమే అసలు చిక్కు.

"బైబిల్లో ఎన్ని పుస్తకాలున్నాయి?" అన్న ప్రశ్ననే తీసుకోండి. ప్రొటెస్టెంట్లకు 66, కాథలిక్కులకు 73, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘానికి 81. మొదటి రెండు సంఖ్యలనూ ఐచ్ఛికాల్లో పెట్టి ఒకదానికే మార్కు ఇస్తే, బాగా చదువుకుని వచ్చిన పిల్లలే నష్టపోతారు. అందుకే నేను ప్రశ్నలోనే శాఖ పేరు చేర్చి "కాథలిక్ బైబిల్లో ఎన్ని పుస్తకాలు?" అని అడుగుతాను. Google Forms లో ఫారాన్ని క్విజ్‌గా మార్చుకుంటే ప్రతి ప్రశ్నకూ Answer key లో Add answer feedback అని ఉంటుంది. అక్కడ "కొత్త నిబంధన ఇద్దరికీ 27 పుస్తకాలే. పాత నిబంధన ప్రొటెస్టెంట్లకు 39, కాథలిక్కులకు 46. తోబితు, మక్కబీయులు వంటివి అదనంగా ఉండటమే కారణం" అని రాశాను. జవాబు తప్పు పెట్టిన పిల్లలు నేర్చుకునేది అక్కడే. నా దృష్టిలో ప్రశ్న కంటే ఆ రెండు ముక్కలే ముఖ్యం.

పది ఆజ్ఞలదీ ఇదే కథ. "దొంగిలకూడదు" అన్నది యూదులకూ చాలామంది ప్రొటెస్టెంట్లకూ ఎనిమిదో ఆజ్ఞ, కాథలిక్కులకూ లూథరన్లకూ ఏడోది. ఆజ్ఞ సంఖ్య అడిగే ప్రశ్నలను నేను పూర్తిగా తీసేశాను. "స్థాపకుడు ఎవరు?" అన్న మూసలో అన్ని మతాలనూ పోయడం కూడా మానేశాను. ముస్లింల విశ్వాసంలో ముహమ్మద్ చివరి ప్రవక్త, కొత్త మతం పెట్టిన వ్యక్తి కాదు. జైనులకు మహావీరుడు 24వ తీర్థంకరుడు, ఆయనకు ముందు పార్శ్వనాథుడు ఉన్నాడు. "జైనుల 24వ తీర్థంకరుడు ఎవరు?" అని అడిగితే ఎవరికీ పేచీ ఉండదు.

ప్రతి జవాబునూ ఒక విజ్ఞాన సర్వస్వంలోనూ, ఆ సంప్రదాయం వారు స్వయంగా ప్రచురించినదానిలోనూ సరిచూడండి. రెండూ కలవకపోతే ప్రశ్నలో ఏదో లోపించిందని అర్థం, సాధారణంగా అది శాఖ పేరే. తర్వాత ఆ మతాన్ని పాటించే ఒకరిచేత చదివించండి. "ఇందులో తప్పులున్నాయా?" అంటే మొహమాటానికి లేవనేస్తారు. "మీ ఇంట్లో దీన్ని ఇలాగే చెబుతారా?" అని అడిగి చూడండి, నోరు విప్పుతారు.

ఇక బొమ్మలు. వెతికితే దొరికిందంటే వాడుకోవచ్చని కాదు. ఎక్కువమంది పప్పులో కాలేసేది శిల్పాల దగ్గర. బుద్ధ విగ్రహం వెయ్యేళ్ల నాటిదే కావచ్చు, దాన్ని నిన్న తీసిన ఫొటో మీద మాత్రం ఫొటోగ్రాఫర్‌కు హక్కు ఉంటుంది. ఏ కోణం, ఏ వెలుగు అన్నది ఎంచుకున్నది ఆయనే కదా. పాత చిత్రపటాన్ని ఉన్నదున్నట్టు తీసిన ఫొటోకు చాలా దేశాల్లో అలాంటి కొత్త హక్కు రాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హక్కుల గడువు తీరిన తన కళాఖండాల ఫొటోలను 2017 నుంచి CC0 కింద, అంటే ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకునేలా, విడుదల చేస్తోంది, శిల్పాలకు నేను ముందు అక్కడే వెతుకుతాను.

వికీమీడియా కామన్స్ నుంచి తీసుకుంటే ఆ బొమ్మ సొంత పేజీ తెరిచి Author, Source, Licensing చూడండి. CC BY-SA 4.0 అని ఉంటే స్లైడ్ అడుగున తీసినవారి పేరు, లింకు, లైసెన్సు రాయాలి, బొమ్మ పేరు కూడా రాస్తే మేలు. అంచులు కత్తిరించి ఉంటే ఆ మాటా చేర్చాలి. లైసెన్సులో ND ఉంటే మార్చిన బొమ్మను పంచుకోవడానికి అనుమతి లేనట్టే, నేను అలాంటివి పక్కన పెడతాను. ఈ వివరాలన్నీ బొమ్మ దించుకున్న క్షణంలోనే ఒక షీటులో ఎక్కించండి. తర్వాత వెతకడం తలనొప్పి.

లైసెన్సు ఒక్కటే చాలని విషయాలూ రెండున్నాయి. ప్రార్థనలో ఉన్నవారి ముఖాలు స్పష్టంగా కనిపించే ఫొటోకు ఫొటోగ్రాఫర్ అనుమతి ఉన్నా, ఆ మనుషుల అనుమతి ఉన్నట్టు కాదు. అలాగే ముహమ్మద్ ప్రవక్త చిత్రాన్ని వాడటం చాలామంది ముస్లింలకు అభ్యంతరకరం. హక్కుల గడువు తీరిన పాత చిత్రం దొరికినా దాని జోలికి వెళ్లకండి, కాబా ఫొటోనో అరబిక్ లిపి కళనో పెట్టండి.

స్లైడ్లలోనే బటన్లతో ప్రశ్నలు పెట్టేటట్లయితే ఒక జాగ్రత్త. బటన్ తప్పి ఖాళీ చోట నొక్కితే Google Slides తర్వాతి స్లైడుకు వెళ్లిపోతుంది, జవాబు బయటపడుతుంది. స్లైడంతా కప్పేలా పారదర్శకమైన దీర్ఘచతురస్రం గీసి, Ctrl+K తో దాన్ని అదే స్లైడుకు లింకు చేసి, బటన్లకు వెనక్కి పంపండి. కీబోర్డు బాణం మీటలు మాత్రం అప్పటికీ పనిచేస్తాయి, కాబట్టి మార్కులు వేసే ప్రశ్నలను ఫారంలోనే ఉంచడం మేలు.