పదకొండు లక్షలు పెట్టిన చెరువును పట్టేయాలా, ఆగాలా

ప్రశ్న: ఒక పనిలో ఇప్పటికే లక్షలు పోసేశాం. మధ్యలో ఆపేస్తే అదంతా పోయినట్టే కదా? ఇలాంటప్పుడు మీరు ఎలా నిర్ణయించుకున్నారు?

ఆపినా, కొనసాగించినా ఆ డబ్బు ఖర్చయిపోయింది. మీరు ఏది ఎంచుకున్నా అందులో ఒక్క రూపాయి కూడా మారదు కాబట్టి ఎంచుకోవడంలో దానికి పాత్ర లేదు. మాది ఆకివీడు దగ్గర ఊరు. ఇక్కడ రొయ్యల చెరువు గట్ల మీద ఈ ప్రశ్న ప్రతి పంటకీ వస్తుంది: చెరువు పట్టేయాలా, అంటే ఉన్న రొయ్యంతా వలలతో తీసి అమ్మేయాలా, ఇంకా ఆగాలా అని. చాలామంది "పెట్టుబడైనా రావాలి కదా" అన్న ఒక్క మాట పట్టుకుని మరింత లోతుకు దిగిపోతారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధ వేస్తుంది, ఎందుకంటే దానివల్ల మునిగిన ఇళ్లు చూశాను.

మా మేనమామ నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రకం రొయ్య వేశాడు. జమాఖర్చులు నేను రాసేవాణ్ణి. నాలుగు లక్షల రొయ్య పిల్లల్ని, అంటే సీడ్‌ను, వదిలాం. రెండున్నర నెలలు దాటేసరికి రొయ్య వంద కౌంట్ దగ్గర, అంటే కిలోకి వంద తూగే సైజు దగ్గర, ఇంచుమించు ఆగిపోయింది. ఎంత తింటున్నాయో చూడటానికి నీళ్లలో దించే చెక్ ట్రేల్లో మేత మిగిలిపోతోంది. వల విసిరితే ఒకటి పెద్దది, పక్కనే ఒకటి చిన్నది. నీటి మీద తెల్లటి దారాల్లా విసర్జన తేలుతోంది. ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయిస్తే ఈహెచ్‌పీ అని వచ్చింది. అది రొయ్య కాలేయంలాంటి అవయవంలో చేరే సూక్ష్మ పరాన్నజీవి. తిన్న మేత ఒంటికి పట్టనివ్వదు. దాన్ని నయం చేసే మందు లేదు.

తెల్లమచ్చ వైరస్ రోగం వస్తే మనం ఆలోచించుకునే పని ఉండదు. 1990లలో టైగర్ రొయ్యకు అది తగిలినప్పుడు చూసినవాళ్లకు తెలుసు, వారం పది రోజుల్లో చెరువు చెరువంతా పోతుంది. అందుకే ఎర్రబడిన రొయ్య గట్టు పక్కన కనిపించగానే ఎవరైనా పట్టేస్తారు. ఈహెచ్‌పీ అలా కాదు. రొయ్య బతికే ఉంటుంది, ఎంతో కొంత తింటూనే ఉంటుంది, ఏ రోజూ పెద్ద ప్రమాదం కనిపించదు. "ఇంకో వారం చూద్దాం" అనిపిస్తూనే ఉంటుంది. ఆ వారానికి మేత బిల్లు మాత్రం ఆగదు.

అప్పటిదాకా అయిన ఖర్చు ఇది. సీడ్‌కు లక్షా నలభై వేలు. మేతకు నాలుగున్నర లక్షలు, అదంతా డీలరు దగ్గర అప్పు. ఏడాది లీజు మూడు లక్షల ఇరవై వేలు. కరెంటు, డీజిల్, మినరల్స్, కూలీలు కలిపి దాదాపు రెండు లక్షలు. మొత్తం పదకొండు లక్షల పైమాటే. ఆ వారం రొయ్య కొనే ఏజెంటు చెప్పిన ధర వంద కౌంట్‌కు కిలో 240. మేత లెక్కను బట్టీ వల లెక్కను బట్టీ చెరువులో 2,80,000 రొయ్య ఉందని అంచనా. అంటే 2,800 కిలోలు, 6,72,000 రూపాయలు.

"ఒరే అబ్బాయ్, పదకొండు లక్షలు పెట్టి ఆరున్నరకి అమ్ముకోమంటావా? ఇరవై రోజులు ఆగితే డెబ్బై కౌంట్ వస్తది" అన్నాడు మావయ్య. అత్తయ్య కూడా అదే మాట. డీలరైతే ఇంటికొచ్చి మరీ ఆగమన్నాడు. డీలరు సలహా గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఆగితే అతనికి మరో లక్షకు పైగా మేత అమ్ముడవుతుంది. మేత అమ్మేవాడే అప్పిచ్చేవాడు, అతనే చెరువు డాక్టరు కూడా అయితే ఇక రైతుకు పట్టేయమని చెప్పేదెవరు? డెల్టా అంతటా ఇదే ఏర్పాటు. ఇది మారాలని నేను ఎక్కడ కూర్చున్నా అంటూనే ఉంటాను.

నేను కొత్త కాగితం తీసి మావయ్యకు ఒకటే చెప్పాను. ఈ కాగితం మీద ఈ రోజు నుంచి జరిగేది మాత్రమే రాద్దాం. ఈ రోజు పట్టేస్తే వచ్చేది ఒక పక్క, ఇరవై రోజులు ఆగితే అదనంగా అయ్యే ఖర్చూ అదనంగా వచ్చే డబ్బూ ఇంకో పక్క.

ముందు ఖర్చు. రోజుకు 80 కిలోల మేత, ఇరవై రోజులకు 1,600 కిలోలు, కిలో 95 చొప్పున 1,52,000. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు, డీజిల్, ప్రోబయాటిక్స్, కూలీలు రోజుకు మూడు వేలు, అంటే 60,000. మొత్తం 2,12,000.

ఇక రాబడి. మావయ్య డెబ్బై కౌంట్ అన్నది ఆశ. పది రోజుల కిందట నాలుగు మూలలా, మధ్యలోనూ వల వేసి తూచినప్పుడు 110 కౌంట్ ఉంది, ఇప్పుడు 100. పది రోజుల్లో గ్రాము కూడా పెరగలేదు. ఆరోగ్యంగా ఉన్న వనామి ఆ వయసులో వారానికే గ్రామున్నర పెరుగుతుంది. ఇదే వేగంతో పోతే ఇరవై రోజులకు 85 కౌంట్ దగ్గర ఉంటుంది. రోజూ కొన్ని చనిపోతున్నాయి కాబట్టి అయిదు శాతం తీసేస్తే 2,66,000 రొయ్య, అంటే 3,130 కిలోలు. 85 కౌంట్ ధర 260 చొప్పున దాదాపు 8,14,000. ఈ రోజు అమ్మితే వచ్చేదానికంటే 1,42,000 ఎక్కువ.

లక్షా నలభై రెండు వేలు రావడానికి రెండు లక్షల పన్నెండు వేలు పోయాలి. ఆగితే ఇప్పుడున్న నష్టం మీద ఇంకో డెబ్బై వేలు పడుతుంది. ఒక్క రొయ్య కూడా చావదనుకుని మళ్లీ కట్టినా 28,000 తక్కువే వచ్చింది.

ఈ కాగితంలో పదకొండు లక్షలు ఎక్కడా లేవు, గమనించండి. అది అయిదు లక్షలైనా, ఇరవై లక్షలైనా జవాబు ఇదే. అదే పదకొండు లక్షలు పెట్టిన చెరువులో రొయ్య మామూలుగా ఎదుగుతూ ఉంటే, ఇరవై రోజులకు నిజంగానే డెబ్బై కౌంట్ వచ్చేది. అప్పుడు 3,800 కిలోలు, కిలో 285 వేసుకున్నా పది లక్షల ఎనభై వేలు దాటేది. మేత ఎక్కువ తిన్నా ఖర్చు 2,70,000 దగ్గర ఆగేది, అదనంగా వచ్చేది నాలుగు లక్షలు. అప్పుడైతే ఆగమని నేనే పోట్లాడేవాణ్ణి. పెట్టిన డబ్బు రెండు చోట్లా ఒకటే, చేయాల్సిన పని మాత్రం వేరు.

పోయిన డబ్బును వదిలేయమంటే పోయిన పది రోజుల్ని కూడా మరచిపొమ్మని కాదు. ఆ వల లెక్క లేకపోతే 85 కౌంట్ అని నేను రాయగలిగేవాణ్ణి కాదు. గతంలో పెట్టిన రూపాయలు పనికిరావు, గతంలో చూసిన ఎదుగుదల పనికొస్తుంది. మావాళ్లు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు. ఖర్చు పైసాతో సహా గుర్తుంటుంది, చెక్ ట్రేలో మిగిలిన మేత గుర్తుండదు.

మావయ్య అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మొదట లీజు ఎత్తాడు. ఏడాదికి కట్టేశాం కదా, చెరువు ఖాళీగా ఎండబెట్టడం ఎందుకన్నాడు. పట్టేసినా ఆ మూడు లక్షల ఇరవై వేలు తిరిగి రావు. పైగా ఈహెచ్‌పీ వచ్చిన చెరువును బాగా ఎండబెట్టి, దున్ని, సున్నం దట్టంగా పట్టించి గానీ తర్వాతి సీడ్ వేయకూడదు. ఆ సున్నం ఖర్చు కూడా ఇప్పుడు పట్టినా తర్వాత పట్టినా తప్పదు, కాబట్టి అదీ కాగితం మీదకు రాదు. ముందు పట్టేస్తే ఎండబెట్టడానికి ఇరవై రోజులు ఎక్కువ దొరుకుతాయి, అంతే.

తర్వాత డీలరు అప్పు. ఇంకా కట్టలేదు కదా, అది పోయిన ఖర్చు ఎలా అవుతుందన్నాడు. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. డబ్బు చేతి నుంచి వెళ్లిందా లేదా అన్నది కాదు చూడాల్సింది. ఆగినా ఆగకపోయినా ఆ నాలుగున్నర లక్షలు కట్టాల్సిందే, కాబట్టి అసలు లెక్కలోకి రాదు. వడ్డీ మాత్రం వస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ఇరవై రోజులు ముందు కడితే ఆరు వేలు మిగులుతుంది. ఆ ఆరు వేలు ఆగడం ఖర్చులో కలపాలి.

చివరికి షెడ్డులో మిగిలిన మేత బస్తాలు చూపించాడు. ఇరవై బస్తాలు, 500 కిలోలు. "ఇవెలాగూ కొనేశాం, వీటికి ఖర్చేముంది?" అన్నాడు. ఇది మంచి ప్రశ్న. ఆ బస్తాలను ఎవరూ తీసుకోకపోతే అతని మాటే నిజం, 47,500 ఖర్చులోంచి తీసేయాలి. కానీ పక్క చెరువు రైతు అదే నంబరు మేత వాడుతున్నాడు, కొన్న ధరకే తీసుకుంటానన్నాడు. మన చెరువులో వేస్తే ఆ డబ్బు వదులుకున్నట్టే కదా, అందుకే అది ఖర్చే. ఒకవేళ తీసేసినా, వడ్డీ కలపకముందే, ఇంకా ఇరవై రెండు వేలు తక్కువే వస్తోంది.

ఆగడానికి ఒకటే సాకు మిగిలింది, ధర పెరగడం. దానికీ లెక్క కట్టాను. వడ్డీ వదిలేసినా 85 కౌంట్‌కు కిలో 283 వస్తేనే ఆగిన ఖర్చు గిట్టుబాటవుతుంది. అంత ఇస్తానని ఆ వారంలో ఏ ఏజెంటూ అనలేదు. మావయ్య మర్నాడు కబురు పంపి చెరువు పట్టించేశాడు. నాలుగు లక్షలకు పైగా నష్టం వచ్చింది. దాన్ని నేను తగ్గించి చెప్పను, ఆ ఏడు ఆ ఇంట్లో అందరూ ఇబ్బంది పడ్డారు.

ఇదంతా చదివి, పోయిన డబ్బును పక్కన పెట్టమంటే ఆపేయమని అర్థం చేసుకోకండి. కోతకు వచ్చిన వరి తుపానుకు పడిపోయిందనుకోండి. ఎకరానికి ముప్పై అయిదు వేలు పెట్టాం, పదిహేను వేల ధాన్యమే వస్తుంది, అలాంటి పంటకు కోత ఎందుకని చేను వదిలేసేవాళ్లున్నారు. చైన్ మిషన్‌తో కోయించి, ఆరబెట్టి, తోలడానికి తొమ్మిది వేలు అయితే ఎకరానికి ఆరు వేలు చేతికి వస్తుంది. ఆ చేను కోయాలి. మొత్తం మీద నష్టమే అయినా కోయాలి. చేలో నీళ్లు తీయక కోత ఖర్చు పదహారు వేలకు పోతే అప్పుడు వదిలేయాలి.

మీరు ఏ పనిలో ఉన్నారో రాయలేదు. ఈ రోజు ఆపితే చేతికి ఏమొస్తుంది, కొనసాగిస్తే ఇంకా ఎంత పెట్టాలి, దానివల్ల ఎంత వస్తుందనుకుంటున్నారు, ఆ అంచనా దేన్ని చూసి వేశారు, ఇవి కామెంట్లో రాయండి. ఇప్పటిదాకా ఎంత పెట్టారో రాయనక్కర్లేదు.