పండగ తర్వాత సగం ధర మెసేజ్ పెట్టి తిట్లు తిన్నాను

ప్రశ్న: సంక్రాంతి అయ్యాక రెండు మూడు వారాలు మా బట్టల కొట్టుకి జనం రారు. వాట్సాప్‌లో ఏం రాసి పెడితే మళ్లీ వస్తారు?

తగ్గింపు మాత్రం రాయకండి. మాది తణుకులో చిన్న చీరల కొట్టు. మూడేళ్ల కిందట కనుమ వెళ్లిన నాలుగో రోజే ‘పండగ స్టాక్ సగం ధరకే’ అని మెసేజ్ పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఒకావిడ సంచీతో సహా వచ్చి చీర కౌంటర్ మీద పడేసింది. "మొన్న భోగి ముందు ఇదే చీర నాకు 2,400కి ఇచ్చారు. ఇవాళ 1,200 అంటున్నారు. పండక్కి కొన్నవాళ్లం వెర్రివాళ్లమా?" అంది. ఏం చెప్పను? ఆ వారం అమ్మింది తక్కువ, సర్దిచెప్పింది ఎక్కువ.

కానీ ఆవిడ మడత విప్పి చూపిస్తుంటే నాకు వేరే విషయం కనబడింది. చీరకు ఫాల్ లేదు. ఒక్కసారి కట్టినందుకే కింద అంచు మాసి, పోగులు లేచాయి. ఎందుకు వేయించలేదమ్మా అంటే, పండగ పది రోజులుందనగానే టైలర్లు బట్టలు తీసుకోవడం మానేశారట.

మరుసటి ఏడాది ఇలా రాశాను: ‘సంక్రాంతికి మా దగ్గర కొన్న చీరకు ఫాల్ వేయించారా? లేదంటే బిల్లుతో తీసుకురండి. ఫాల్, పికో ఉచితం. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేదాకానే. తర్వాత మా టైలర్‌కి ఖాళీ ఉండదు.’

అల్లుళ్లకి, చుట్టాలకి పెట్టి అందరి చేతులూ ఖాళీ అయిన రోజులవి. ఈ మెసేజ్ డబ్బు తెమ్మనలేదు, చీర తెమ్మంది. పైగా ఇవ్వడానికోసారి, తీసుకెళ్లడానికోసారి, మనిషి రెండుసార్లు కొట్టెక్కుతుంది. నాకు చీరకి 70 రూపాయలు పడింది. 40 చీరలొచ్చాయి. రెండోసారి వచ్చినప్పుడు కొందరు లంగా, జాకెట్ గుడ్డ కొన్నారు, ఇద్దరు పెళ్లి చీరలు చూసి వెళ్లి మళ్లీ వచ్చారు. గడువు కూడా నిజమైనదే, ఎవరూ అనుమానపడలేదు. మాకు ఫ్లెక్సీలు వేసే కుర్రాడు మాత్రం ఇప్పటికీ ‘మంచి తరుణం మించిన దొరకదు’ అని రాద్దామంటాడు. అది చదివి కొట్టుకొచ్చినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

ఇంకోటి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది, ఒక లిస్టుకి 256 మందే. మొదటి ఏడాది సగం మందికి చేరనే లేదు. అందుకే ఇప్పుడు పండగ బిల్లు ఇచ్చేటప్పుడే, ఎదురుగా ఉండగానే సేవ్ చేయిస్తాను.

దసరాకి ఇది నడవదు, వెనకాలే దీపావళి ఉంటుంది, టైలర్‌కి తీరికుండదు. చీర పడేసిన ఆవిడ ఇప్పటికీ మా కొట్టుకే వస్తుంది. బిల్లు రాసే ముందు మాత్రం "వచ్చే వారం తగ్గించరు కదా?" అని అడగడం మానలేదు.