ఫొటోలో కాళ్ళు చూశావా?

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

మీ అక్క రిసెప్షన్లో చదువుదామని రాసుకున్న నాలుగు పేజీలూ అందాయి. చదివితే కోపమొచ్చింది. "బావగారూ, ఇవాళ్టితో మీ స్వేచ్ఛ సరి" అన్న మాట ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. దానికి మీ అక్కే అక్కర్లేదు, ఎవరి అక్కయినా సరిపోతుంది.

అసలు సరుకు నువ్వు పంపిన ఫొటోలో ఉంది. దాని గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఎండాకాలం కాలువ కట్టేశాక అడుగున ఇసుక తేలినప్పుడు తీసిన ఫొటో అది. నీకు మూడేళ్ళుంటాయి, తనకి ఏడు. నీ కాళ్ళకి తన చెప్పులున్నాయి, మడమల వెనక బెత్తెడు ఖాళీ. మీ అక్కేమో ఉత్తకాళ్ళతో, ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని నిలబడింది. ఇసుక కాలుతోంది కాబోలు. అయినా నవ్వుతోంది.

కంటికి కనిపించే వస్తువు లేకపోతే నవ్వు పుట్టదు. నలభై ఏళ్ళుగా ఇదే మొత్తుకుంటున్నాను. నా మొదటి కథలో, కోటిపల్లి రేవులో పంటు దిగేటప్పుడు మా నాన్న చెప్పులు చంకలో పెట్టుకునేవాడని రాశాను. ఓ వారపత్రిక సంపాదకుడు "అనవసరం" అని ఆ వాక్యం కొట్టేసి, బదులుగా భార్యాభర్తల జోకొకటి ఇరికించాడు. ఆ సంచిక ఇప్పటికీ ఇంట్లో ఉంచుకోలేదు.

నీ పని ఈ చెప్పులతోనే. కాశీయాత్రలో బావగారికి చెప్పులిచ్చేది బావమరిదివి నువ్వే కదా! కాబట్టి ఇలా చెప్పు: "మా అక్కకి నేను ఒక జత చెప్పులు బాకీ. నిన్న కాశీయాత్రలో బావగారికిచ్చిన జతతో బాకీ తీరిందన్నాను. అది వడ్డీ కింద జమేసుకుంటానంది."

తెర మీద ఫొటో ముందే వేయించకు. ముందే వేస్తే అందరూ మొహాలు చూసి "ఎంత ముద్దుగా ఉన్నారో" అనుకుంటారు, నీ మాట వినరు. కాలువ, ఇసుక, చెప్పులు నోటితో చెప్పి, అప్పుడు వేయించు. జనం కళ్ళు వాటంతటవే కాళ్ళ దగ్గరికి వెళ్తాయి. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, బాకీ సంగతి అందుకో. ముందుగా, ఫొటో చూడనివాళ్ళలో ఒకరికి చదివి వినిపించు. "ఇంతకీ చెప్పులెవరివి?" అని అడిగారంటే మొదటి వాక్యాలు సరిగ్గా కుదరలేదన్నమాట.

పక్క తడిపిన కథ తీసెయ్. ముందు వరసలో కూర్చునేది మీ అక్క అత్తగారు. నవ్వేదేదో నిన్ను చూసి నవ్వాలి. మొత్తం మూడు నిమిషాలు దాటనివ్వకు, వెనకాల జనం భోజనాలకి లేస్తుంటారు.

ఫొటో పెద్దది చేయించేటప్పుడు స్టూడియోవాళ్ళు మొహాలు దగ్గరగా కనబడాలని కింద భాగం కత్తిరించేస్తారు. కాళ్ళు ఉంచమని దగ్గరుండి చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు