సాయంత్రం ఆరింటికే స్టాప్‌లాస్ ఎందుకు హిట్ అవుతోంది?

ప్రశ్న: కరీంనగర్‌లో ప్రైవేటు ఉద్యోగిని. ఎంసీఎక్స్‌లో గోల్డ్ మినీ ఒక లాట్ చేస్తుంటాను. ఉదయం పదకొండింటికి కొంటే మధ్యాహ్నం దాకా ధర పెద్దగా కదలదు. సాయంత్రం ఆరు కాగానే నిమిషాల్లో స్టాప్‌లాస్ హిట్ అవుతుంది, ఆ తర్వాత ధర నేను అనుకున్న వైపే వెళ్తుంది. ఏ వేళలో చేయాలి? రాత్రికి పొజిషన్ ఉంచుకోవచ్చా?

జవాబు: ఎంసీఎక్స్ ఉదయం 9కి తెరిచేసరికి ప్రపంచంలో నడుస్తున్నది ఆసియా సెషన్. షాంఘై గోల్డ్ ఎక్స్ఛేంజ్ మన టైమ్ ప్రకారం 6:30కే మొదలవుతుంది. అయితే ఈ వేళల్లో పెద్ద వార్తలు తక్కువ, లావాదేవీలూ తక్కువ. అందుకే మీకు పదకొండింటికి ధర నిలబడినట్టు కనిపిస్తుంది. వేసవిలో మన మధ్యాహ్నం 12:30 ప్రాంతంలో లండన్ వస్తుంది. అక్కడి రెండు బెంచ్‌మార్క్ వేలాలు మనకు 3 గంటలకు, రాత్రి 7:30కి జరుగుతాయి. న్యూయార్క్‌లో ఉదయం 8:20 అయ్యేసరికి, అంటే మన 5:50కి, అక్కడి ఫ్యూచర్స్ మార్కెట్ కామెక్స్‌లో అసలు సందడి మొదలవుతుంది. అక్కడి నుంచి రాత్రి 9:30 దాకా లండన్, న్యూయార్క్ రెండూ పనిచేస్తూ ఉంటాయి. లిక్విడిటీ, ఊగిసలాట రెండూ బాగా ఎక్కువగా ఉండేది ఆ మూడు గంటల నలభై నిమిషాల్లోనే.

మీ స్టాప్‌లాస్‌కు ఎసరు పెడుతున్నది మాత్రం ఆ మధ్యలో వచ్చే ఒక్క నిమిషం. అమెరికా ద్రవ్యోల్బణం, ఉద్యోగాల నివేదిక, ప్రతి గురువారం వచ్చే నిరుద్యోగ క్లెయిమ్‌లు అన్నీ అక్కడ 8:30కి, మనకు సరిగ్గా 6 గంటలకు విడుదలవుతాయి. దానికి కాస్త ముందే పెద్ద ట్రేడర్లు తమ ఆర్డర్లు వెనక్కి తీసుకుంటారు. 5:59కి మార్కెట్ డెప్త్ తెరిచి చూడండి. బిడ్, ఆస్క్ మధ్య తేడా పెరిగి, వాటి పక్కన లాట్ల సంఖ్య తగ్గి ఉంటుంది. మంచి లిక్విడిటీ వేళే అయినా, ఆ క్షణంలో ఆర్డర్ బుక్ పలచబడుతుంది. అందుకే ధర రెండు వైపులా ఎగిరిపడి, స్టాప్‌లను ఊడ్చేసి, తర్వాత దారిన పడుతుంది.

లెక్క చూద్దాం. పది గ్రాముల ధర 1,00,000 రూపాయలు అనుకుంటే మినీ లాట్ 100 గ్రాములు, అంటే 10 లక్షల సరుకు. కోట్ చేసే ధరలో ఒక్క రూపాయి కదిలితే మీకు 10 రూపాయలు. ఉదయపు కదలిక చూసి మీరు 300 పాయింట్ల స్టాప్ పెడితే నష్టం 3,000 అనుకుంటారు. ఆరింటికి ధర మీ స్టాప్‌ను దాటి మరో 200 కింద గానీ దొరకకపోతే నష్టం 5,000. స్టాప్‌ను లిమిట్ ఆర్డర్‌గా పెట్టి ఉంటే ధర దాన్ని దాటేసి, ఆర్డర్ అసలు పూర్తి కాకుండా పొజిషన్ మీ చేతిలోనే మిగిలిపోవచ్చు. ఇది ఇంకా చెడ్డది.

కాబట్టి నివేదిక ఉన్న రోజు 5:45కల్లా బయటికి రండి. చేయాలనుకుంటే 6:20 తర్వాత, బిడ్, ఆస్క్ మధ్య తేడా మళ్లీ తగ్గాక మొదలుపెట్టండి. సాయంత్రం స్టాప్ వెడల్పుగానే ఉండాలి, దానికి తగ్గట్టు పరిమాణం తగ్గాలి. ఒక్క మినీ లాట్‌ను ఎటూ విడగొట్టలేరు కనుక 8 గ్రాముల గినీకో, ఒక గ్రాము పెటల్‌కో మారండి.

రాత్రికి ఉంచుకోవద్దనే నా సలహా. వేసవిలో ఎంసీఎక్స్ 11:30కి మూతపడుతుంది. ఫెడరల్ రిజర్వ్ వడ్డీ నిర్ణయం వచ్చేదీ సరిగ్గా 11:30కే. కామెక్స్ తెల్లవారుజాము 2:30 దాకా నడుస్తూనే ఉంటుంది, మీరు మాత్రం ఉదయం 9 దాకా ఏమీ చేయలేరు. ఒక శాతం గ్యాప్‌తో తెరిస్తే 10,000 పోతాయి, స్టాప్ ఎక్కడ పెట్టినా సరే.

ఆసియా వేళలు ఎప్పుడూ నెమ్మదే అనుకోకండి. 2021 ఆగస్టు 9, సోమవారం తెల్లవారుజామున జపాన్, సింగపూర్ రెండింటికీ సెలవు. అంతకుముందు శుక్రవారం అమెరికా ఉద్యోగాల లెక్కలు బలంగా వచ్చాయి. కొనేవాళ్లు లేని ఆ వేళ అమ్మకాలు పడేసరికి బంగారం నిమిషాల్లో నాలుగు శాతం దాకా జారి, ఔన్సు 1,700 డాలర్ల దిగువకు వెళ్లింది. ఎంసీఎక్స్ తెరిచేలోపే చాలావరకు కోలుకుంది.

నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అమెరికా టైమ్‌లు మనకు ఒక గంట ఆలస్యమవుతాయి. నివేదికలు 7 గంటలకు, ఫెడ్ నిర్ణయం అర్ధరాత్రి దాటాక 12:30కి వస్తాయి, ఎంసీఎక్స్ మాత్రం 11:55కే ముగుస్తుంది. లండన్ గడియారం మారేది వేరే తేదీల్లో, అక్టోబర్, మార్చి చివరి ఆదివారాల్లో. ఈ మార్పుల మధ్య వారాల్లో పాత టైమ్‌లు కంఠస్థం చేసుకుని కూర్చుంటే దెబ్బ తింటారు. ఎకనామిక్ క్యాలెండర్‌ను భారత కాలమానంలో పెట్టుకుని ప్రతి సోమవారం చూసుకోండి.