కాన్ఫరెన్స్‌ ఆర్‌ఎఫ్‌పీలో ప్లేట్ల లెక్క

హైదరాబాద్‌లో 600 మందితో కాన్ఫరెన్స్ పెడుతున్నాం. హాలు, భోజనాల కోసం కొటేషన్లు అడుగుతూ హోటళ్లకు పంపే ఆర్‌ఎఫ్‌పీ లేఖలో ఏం రాయాలి?

ముందు ప్లేట్ల సంగతి తేల్చండి. ఊరికే ‘600 మంది’ అని రాస్తే హోటల్ దాన్నే గ్యారంటీగా పట్టుకుంటుంది. 480 మందే తిన్నా 600 ప్లేట్లకు బిల్లు వేస్తుంది. ‘కనీస గ్యారంటీ 500, గరిష్ఠం 600, తుది సంఖ్య 72 గంటల ముందు చెబుతాం’ అని లేఖలోనే రాస్తే, మీరు చెప్పిన తుది సంఖ్య, తిన్నవాళ్ల సంఖ్య 500 దాటనంతవరకు మీరు కట్టేది 500 ప్లేట్లకే. ప్లేటు ధర, పన్ను విడివిడిగా చూపమనండి. లేకపోతే కొటేషన్లు పోల్చలేరు.

హాలుకు సీటింగ్ పద్ధతి కూడా చెప్పాలి. కుర్చీలు వరసగా వేస్తే 600 మంది పట్టే హాల్లో, గుండ్రటి బల్లలు వేస్తే దాదాపు సగం మందే పడతారు. బ్రోషర్లో కనిపించేది మాత్రం ఎక్కువగా ఆ పెద్ద అంకే! అందుకని స్టేజీ కూడా గీసిన ఫ్లోర్ ప్లాన్ అడగండి.