ట్రేస్‌లో ఆలస్యం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: నల్లగొండ బత్తాయి రైతుల కోసం చేసిన మా యాప్‌లో ఒక బుకింగ్‌కు 4.2 సెకన్లు పట్టింది. ట్రేస్‌లో ఏ సర్వీస్‌ది తప్పో ఎలా తెలుస్తుంది?

ఒక రిక్వెస్ట్ దారిని చూపే ట్రేస్‌లో ఒక్కో పనికి ఒక్కో బార్ ఉంటుంది, దాన్నే స్పాన్ అంటారు. ప్రతి స్పాన్ సమయంలోంచి అది పిలిచిన పిల్ల స్పాన్‌ల సమయం తీసేయండి, ఎక్కువ మిగిలిన చోటే ముందు వెతకాలి. పిల్లలు ఒకేసారి నడిస్తే ఆ ఉమ్మడి సమయాన్ని ఒక్కసారే లెక్కించండి. జవాబు కోసం ఆగే తల్లి స్పాన్ పిల్లలు ముగిసేదాకా మూసుకోదు, అందుకే వాటి ఆలస్యం కూడా దాని ఖాతాలోనే పడుతుంది.

ఉదాహరణకు గేట్‌వే 4.2 సెకన్లు, దాని కింద బుకింగ్ 4.1 అనుకుందాం. బుకింగ్ కింద ధరల సర్వీస్ 0.1, ఆ తర్వాత డేటాబేస్ క్వెరీ 0.2. గేట్‌వేకు మిగిలింది 0.1 మాత్రమే, బుకింగ్‌కు ఏకంగా 3.8. క్వెరీ బార్‌కు ముందు పెద్ద ఖాళీ కనిపిస్తే, డేటాబేస్ కనెక్షన్ కోసం క్యూలో నిలబడి ఉండొచ్చు. ఆ ఎదురుచూపుకు విడిగా స్పాన్ పెడితే తేలిపోతుంది.

అన్నింటికన్నా పొడవైన బార్‌దే తప్పు అని చాలామంది అనుకుంటారు. అలా చూస్తే దాదాపు ప్రతిసారీ గేట్‌వేనే దొరుకుతుంది.